ఆ పోస్టులో నాలుగో వాక్యం

లా కాలేజీలో టార్ట్స్ పేపరు చెప్పేవాళ్ళకు పరువు నష్టం పాఠం వచ్చిందంటే ఉత్సాహం. ఒకప్పుడు ఈ పాఠంలో ప్రశ్నలన్నీ పత్రికల చుట్టూ, సంపాదకుల చుట్టూ తిరిగేవి. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ ప్రచురణకర్తే. అందుకే ప్రశ్నలోకి ఫేస్‌బుక్ పోస్టు వచ్చి కూర్చుంది. నేను విద్యార్థులకు ఇచ్చే ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను. ఊరూ మనుషులూ కల్పితమే గాని, ఇలాంటి పోస్టు మీ ఫోనులోనూ ఏదో ఒక రోజు కనిపించే ఉంటుంది.

ఒక పట్టణంలోని ఒక వార్డులో మార్చి నెలలో సిమెంటు రోడ్డు వేశారు. జులై వానలకు అది బీటలు వారి, రెండు చోట్ల కుంగిపోయింది. ఆ వీధిలోనే ఉండే రిటైర్డ్ ఉపాధ్యాయుడు ఒకాయన కాంట్రాక్టరు పేరు పెట్టి, ఫొటోలతో సహా ఫేస్‌బుక్‌లో ఇలా రాశారు: “మార్చిలో వేసిన రోడ్డు జులైకి పగిలింది. దీనికి మున్సిపాలిటీ కట్టిన సొమ్ము 18 లక్షలు. కాంట్రాక్టరు మందం తగ్గించి పోశాడు. ఏఈకి ముడుపులిచ్చి బిల్లు చేయించుకున్నాడు. ఇంత సిగ్గుమాలిన పని నేనెక్కడా చూడలేదు. ఇలాంటివాడికి మళ్ళీ పనులివ్వడం పట్టణానికి ద్రోహం.” వందల మంది షేర్ చేశారు. కాంట్రాక్టరు 10 లక్షల నష్టపరిహారం కోరుతూ సివిల్ కోర్టులో దావా వేశాడు. రాసిందంతా నిజమేననీ, కాకపోయినా అది ప్రజలకు సంబంధించిన విషయం మీద న్యాయమైన వ్యాఖ్య అనీ మాస్టారి వాదన. తీర్పు చెప్పండి.

ఎక్కువ మంది విద్యార్థులు పోస్టు మొత్తాన్ని ఒకే ముద్దగా తీసుకుని జవాబు రాస్తారు. రోడ్డు పగిలిన మాట నిజం కాబట్టి మాస్టారు గెలుస్తారని కొందరు, ముడుపుల మాట రుజువు కాలేదు కాబట్టి ఓడిపోతారని కొందరు తేలుస్తారు. ఆరు వాక్యాలున్న పోస్టుకు ఒకే జవాబు ఉండదు. ఒక్కో వాక్యాన్ని విడదీసి, ఇది జరిగిన సంగతి చెబుతోందా, రాసినవాడి అభిప్రాయం చెబుతోందా అని ముందు తేల్చుకోవాలి. సంగతి అయితే అది నిలవడానికి దారి నిజం. అభిప్రాయం అయితే న్యాయమైన వ్యాఖ్య అనే రక్షణ. ఒక దారిలో నిలవని వాక్యాన్ని రెండో దారిలోకి తోసేస్తే సరిపోతుందనుకోవడమే ఈ ప్రశ్నలో విద్యార్థులు పడే గొయ్యి. పోస్టులు పెట్టేవాళ్ళూ ఆ గోతిలోనే పడుతున్నారు.

కాంట్రాక్టరు నిరూపించాల్సింది తక్కువే. ఆ మాటలు తన పరువు తీసేవని, తన గురించే అన్నవని, మూడో మనిషి చదివాడని చూపిస్తే చాలు. పోస్టులో పేరుంది, వందల మంది చదివారు, లంచమిచ్చాడంటే పరువు పోతుంది. స్క్రీన్‌షాట్‌ను సాక్ష్యంగా పెట్టాలంటే చట్టం కోరే ధ్రువపత్రం జతచేయాలి, పోస్టు పడిన ఏడాదిలోపు దావా వేయాలి. ఇవన్నీ చేశాడనుకుందాం. అక్కడి నుంచి బరువు మాస్టారి భుజం మీదికి వస్తుంది. ఇది వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. అబద్ధమని కాంట్రాక్టరు నిరూపించనక్కర్లేదు. మాటలు అబద్ధమనే చట్టం అనుకుంటుంది. నిజమని మాస్టారే నిరూపించుకోవాలి.

మన దేశంలో సివిల్ పరువు నష్టానికి ప్రత్యేక చట్టం లేదు. ఇంగ్లండు కోర్టులు శతాబ్దాలుగా కట్టుకుంటూ వచ్చిన సూత్రాలనే మన కోర్టులు మన పరిస్థితులకు తగ్గట్టు వాడుతున్నాయి. అందుకే ఈ జవాబులో ఇంగ్లండు కేసులు అక్కడక్కడా తగులుతాయి.

మొదటి వాక్యానికి పెద్ద చర్చ అక్కర్లేదు. తేదీలున్న ఫొటోలున్నాయి, వీధిలో నలుగురు సాక్ష్యం చెబుతారు. రెండో వాక్యం మీద కాంట్రాక్టరు లాయరు తప్పకుండా లేస్తాడు. సమాచార హక్కు దరఖాస్తుకు మున్సిపాలిటీ ఇచ్చిన జవాబు ప్రకారం చెల్లించింది 17 లక్షల 86 వేలు, పద్దెనిమిది లక్షలు కాదు అంటాడు. ఈ వాదన నిలవదు. నిజం అనే రక్షణకు అక్షరం అక్షరం సరిపోనక్కర్లేదు, ఆరోపణలోని సారం నిజమైతే చాలు. 1865లో ఇంగ్లండులో ఒక రైల్వే కంపెనీ, టికెట్టు లేకుండా ప్రయాణించిన మనిషికి జరిమానా పడిందనీ, కట్టకపోతే మూడు వారాల జైలనీ నోటీసు అంటించింది. నిజానికి కోర్టు చెప్పింది రెండు వారాలే. ఆ వారం తేడా వల్ల మాత్రమే నోటీసు అబద్ధమైపోదనీ, సారం నిజమా కాదా అన్నది జ్యూరీ తేల్చాల్సిన సంగతనీ అక్కడి న్యాయమూర్తులు అన్నారు. పద్నాలుగు వేల తేడాతో కాంట్రాక్టరు పరువు అదనంగా పోయిందేమీ లేదు.

మూడో వాక్యం దగ్గర నడక నెమ్మదించాలి. మందం తగ్గించాడన్నది కొలిచి చూడగల సంగతి. పోస్టు పడి గొడవయ్యాక ఒక కౌన్సిలరు పట్టుబట్టడంతో క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు వచ్చి మూడు చోట్ల కోర్ తీశారని ప్రశ్నలో ఇచ్చాను. కోర్ తీయడమంటే గుండ్రటి బిట్టున్న యంత్రంతో రోడ్డును పైనుంచి కింది దాకా కోసి, కాంక్రీటు ముక్కను బయటికి లాగడం. దాని పొడవు కొలిస్తే రోడ్డు మందం తెలిసిపోతుంది, ముక్కను ప్రెస్సులో నొక్కితే బలం తెలుస్తుంది. ఎస్టిమేటులో మందం 150 మిల్లీమీటర్లు. బిల్లుకు ఆధారమైన ఎం-బుక్‌లోనూ 150 అనే రాశారు. తీసిన మూడు ముక్కలూ 95, 104, 110 ఉన్నాయి. ఇక మాటలతో పని లేదు. మూడో వాక్యం నిజం.

ఇక్కడ బాగా చదివే ఒక అబ్బాయి లేచి అడిగాడు: “సార్, కోర్ టెస్టు జరిగింది పోస్టు పెట్టాక కదా. రాసేనాటికి మాస్టారికి ఆ సంగతి తెలియదు. చీకట్లో రాయి వేస్తే తగిలింది. దానికి రక్షణ ఎలా ఇస్తాం?” ఆ ప్రశ్నకు నేను అదనంగా మార్కులిస్తాను. సివిల్ దావాలో నిజం అనే రక్షణ రాసినవాడి మనసులోకి తొంగి చూడదు. రాసేనాటికి ఆ సంగతి నిజమై ఉంటే చాలు. అది రాసినవాడికి అప్పటికే తెలుసా, రుజువు ఎప్పుడు దొరికింది అన్నవి అడగరు. కాంట్రాక్టరు మందం తగ్గించి పోసినవాడే అయితే, ఆ విషయంలో అతనికి లేని పరువును కోర్టు కాపాడదు. కాని ఆ అబ్బాయి అనుమానం వృథా పోదు. క్రిమినల్ కేసులో అదే మళ్ళీ ఎదురవుతుంది.

ఇక నాలుగో వాక్యం. “ఏఈకి ముడుపులిచ్చి బిల్లు చేయించుకున్నాడు.” ఇది అభిప్రాయం కాదు. ఒక మనిషి ఇంకో మనిషికి డబ్బు ఇచ్చాడన్న సంగతి. మాస్టారి చేతిలో ఉన్న ఆధారాలేమిటంటే, టీ కొట్టు దగ్గర ఇద్దరు అలా అనుకుంటుండగా విన్నారు, బిల్లు మంజూరుకు ముందురోజు కాంట్రాక్టరు కారు ఏఈ ఇంటి ముందు ఆగి ఉండటం చూశారు. ఎవరో అనుకున్న మాట రుజువు కాదు. “అందరూ అంటున్నారు” అని చేర్చినా ఒరిగేదేమీ లేదు. పుకారును తిరిగి చెప్పినవాడు ఆ పుకారు సారాంశం నిజమని నిరూపించాలే గాని, పుకారు ఉందని నిరూపిస్తే సరిపోదు. ఇక కారు సంగతి. కాంట్రాక్టరు ఏఈ ఇంటికి వెళ్ళడం అనుమానం పుట్టించే మాట నిజమే. అనుమానం, రుజువు ఒకటి కావు.

అలాంటప్పుడు విద్యార్థులు చటుక్కున రెండో దారి పడతారు. ఇది మాస్టారి అభిప్రాయమే, మందం తగ్గినా బిల్లు పాసైంది కాబట్టి లంచం నడిచి ఉంటుందని ఆయన నమ్మారు, నమ్మినదే రాశారు, కాబట్టి న్యాయమైన వ్యాఖ్య అంటారు. 1863లో ఇంగ్లండులో సరిగ్గా ఈ వాదనే వచ్చింది. కాంప్‌బెల్ అనే మతాచార్యుడు తన పత్రిక ద్వారా చైనాలో మతప్రచారానికి చందాలు పోగుచేస్తుంటే, ఇదంతా తన పత్రిక అమ్ముడుపోవడానికి వేసిన ఎత్తు అని మరో పత్రిక రాసింది. ఆ రాసినవాడు దాన్ని నిజాయితీగానే నమ్మాడని జ్యూరీ కూడా ఒప్పుకుంది. అయినా కోర్టు రక్షణ ఇవ్వలేదు. ఒక మనిషి పథకాన్ని ఎంతైనా తిట్టవచ్చు, తెలివితక్కువదనవచ్చు, పనికిరానిదనవచ్చు. కాని అతని మనసులో నీచమైన ఉద్దేశం ఉందని అంటగట్టాలంటే దానికి తగిన సంగతులు కళ్ళ ముందుండాలి, ఊరికే నమ్మకం సరిపోదు అని చెప్పింది. నూట అరవై ఏళ్ళు దాటినా ఆ కేసు ఇంకా పాఠాల్లో ఉండటానికి కారణం ఇదే.

ఇదే గీతను ఇంకా తేటగా చూపించే ఉదాహరణ మన సొంత చట్టంలోనే ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 499వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, పరువు నష్టానికి పది మినహాయింపులు ఇస్తాయి. ఆరో మినహాయింపు కింద ఒక పుస్తకం గురించిన ఉదాహరణలున్నాయి. ఒకడు పుస్తకం చదివి, ఇది మూర్ఖంగా ఉంది, రాసినవాడు బలహీనుడై ఉండాలి, ఇది అసభ్యంగా ఉంది, వాడి మనసు మలినమై ఉండాలి అంటాడు. సద్భావంతో అంటే అతనికి రక్షణ ఉంది. ఇంకొకడు, ఈ పుస్తకం మూర్ఖంగా అసభ్యంగా ఉండటంలో నాకు ఆశ్చర్యం లేదు, ఎందుకంటే రాసినవాడు బలహీనుడు, వ్యభిచారి అంటాడు. అతనికి రక్షణ లేదు. ఇద్దరూ వాడిన తిట్లు దాదాపు ఒకటే. మొదటివాడు పుస్తకంలోంచి మనిషి మీదికి వెళ్ళాడు. అతని అభిప్రాయం ఎక్కడినుంచి పుట్టిందో చదివేవాళ్ళకు తెలుసు, పుస్తకం తెరిచి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. రెండోవాడు పుస్తకంతో సంబంధం లేని సంగతి ఒకటి బయటినుంచి తెచ్చి పెట్టాడు. దాన్ని సరిచూసుకునే వీలు పాఠకుడికి లేదు.

మాస్టారి నాలుగో వాక్యం రెండో రకానిది. ముడుపులిచ్చాడని చదివినవాళ్ళు ఈయన దగ్గర ఏదో సమాచారం ఉందనుకుంటారు గాని, ఈయన ఊహిస్తున్నారని అనుకోరు. అదే మాస్టారు ఇలా రాశారనుకోండి: “ఎస్టిమేటులో 150 మిల్లీమీటర్లు. ఎం-బుక్‌లోనూ 150 అనే రాశారు. విరిగిన అంచు దగ్గర నేను టేపుతో కొలిస్తే నూటపది కూడా లేదు. కొలిచి సంతకం పెట్టాల్సిన ఏఈ ఈ తేడా చూడలేదంటే నేను నమ్మలేను. ఇందులో ఇద్దరి కుమ్మక్కు ఉందని నా అభిప్రాయం.” ఇప్పుడు సంగతులన్నీ పాఠకుడి ముందున్నాయి. వాటినుంచి తీసిన నిర్ధారణ అతని ముందే పుట్టింది. ఇది చదివినవాడు ఏఈ నిర్లక్ష్యం వల్ల కూడా కావచ్చు కదా అని కాదనవచ్చు. ఇది వ్యాఖ్య. గట్టి వ్యాఖ్య, కాంట్రాక్టరుకు నచ్చని వ్యాఖ్య, అయినా నిలబడే అవకాశం బాగా ఉన్న వ్యాఖ్య. “నా అభిప్రాయం” అన్న రెండు మాటల వల్ల మాత్రం కాదు. “నా అభిప్రాయంలో వాడు లంచమిచ్చాడు” అని ఒంటరిగా రాస్తే అది ముసుగేసుకున్న సంగతే. చివర ప్రశ్నార్థకం పెట్టినా అంతే.

ఫేస్‌బుక్ వాక్యాన్ని ఎలా చదవాలన్న దానికి ఈ మధ్యదే మంచి తీర్పు ఒకటుంది. తన మాజీ భర్త ఒకసారి తన గొంతు నులమబోయాడని ఒకావిడ ఫేస్‌బుక్‌లో రాసింది. ఆ ఘటన నాడు ఆమె మెడ మీద ఎర్రటి గుర్తులు చూశామని పోలీసులు నమోదు చేసి ఉన్నారు. కింది కోర్టు జడ్జి నిఘంటువు తెరిచి, ఆ మాటకు చంపడానికి ప్రయత్నించడమనే అర్థం తీసి, అది రుజువు కాలేదు కాబట్టి ఆమె ఓడిందన్నాడు. 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఫేస్‌బుక్ చదివేవాళ్ళు నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాట తూచరు, వేలితో జరుపుకుంటూ పోతూ మనసుకు తట్టిన అర్థం తీసుకుంటారు, కోపంగా గొంతు పట్టుకున్నాడనే వాళ్ళు అర్థం చేసుకుంటారు, అది నిజమే అని చెప్పి ఆమెను గెలిపించింది. ఈ చదివే తీరు రెండువైపులా కోస్తుంది. అక్కడ ఆవిడకు మేలు చేసింది. మన మాస్టారికి మేలు చేయదు. వేలితో జరుపుకుంటూ పోయేవాడి బుర్రలో “ముడుపులిచ్చాడు” అన్న మాటకు ముడుపులిచ్చాడనే అర్థం తప్ప మరొకటి తట్టదు.

ఐదు, ఆరు వాక్యాలు వ్యాఖ్యలే. సిగ్గుమాలిన పని అన్నది కొలిచి చూపేది కాదు. మళ్ళీ పనులివ్వడం ద్రోహం అన్నదీ అంతే. ప్రజల సొమ్ముతో వేసిన రోడ్డు ప్రజలకు సంబంధించిన విషయమే. వ్యాఖ్య మర్యాదగా ఉండాలనీ, జడ్జిగారికి నచ్చేలా ఉండాలనీ చట్టం అడగదు. “న్యాయమైన” అన్న మాట చూసి విద్యార్థులు సౌమ్యంగా ఉండాలని రాస్తుంటారు, అది పొరపాటు. పట్టరాని కోపంతో, అతిశయోక్తితో అన్నా, ఆ సంగతుల మీద ఒక నిజాయితీపరుడు అలా అనుకోగలడా అన్నదే పరీక్ష. చిక్కు మరోచోట ఉంది. వ్యాఖ్య నిలబడాలంటే కింద నిజమైన సంగతులు ఉండాలి. మాస్టారి వ్యాఖ్యల కింద మూడు నిజాలు, ఒక రుజువు కాని ఆరోపణ ఉన్నాయి. ఆ ఒక్కటి మిగతావాటినీ లాగేస్తుందా? నా ఉద్దేశంలో లాగేయదు. ముడుపుల మాట తీసేసి చూడండి. మందం మూడో వంతు దాకా తగ్గించి, నాలుగు నెలల్లో పగిలే రోడ్డు పోసి, పూర్తి బిల్లు తీసుకున్నవాణ్ణి సిగ్గుమాలినవాడనడానికి మిగిలిన మూడు వాక్యాలే చాలు. అయితే ముడుపులే పోస్టుకు ప్రాణం అని జడ్జి అనుకుంటే మరోలా తేల్చవచ్చు. జవాబులో ఈ రెండు వైపులూ రాసిన విద్యార్థికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రశ్నలో ఒక మెలిక కూడా పెడతాను. మాస్టారి మేనల్లుడు కూడా ఆ టెండరు వేసి పోగొట్టుకున్నాడు. పగతోనే రాశాడని కాంట్రాక్టరు అంటాడు. ఒకటి నుంచి మూడు దాకా వాక్యాలకు దీనితో సంబంధం లేదు. పగతో చెప్పినా నిజం నిజమే. ఐదు, ఆరు వాక్యాలకు సంబంధం ఉంది. దురుద్దేశం రుజువైతే న్యాయమైన వ్యాఖ్య అన్న రక్షణ పోతుంది. దాన్ని రుజువు చేయాల్సింది మాత్రం కాంట్రాక్టరే, బంధుత్వం ఉందని చూపితే సరిపోదు. తను నమ్మనిదాన్ని మాస్టారు కావాలని రాశారని చూపగలగాలి. పగిలిన రోడ్డు రోజూ తొక్కే మనిషి గురించి అది చూపడం కష్టం.

ఇంతవరకూ సివిల్ దావా. కాంట్రాక్టరు మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు కూడా వేస్తే? 2024 జులై 1 తరవాత పెట్టిన పోస్టు కాబట్టి న్యాయ సంహితలోని 356వ సెక్షన్ వర్తిస్తుంది. రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. పరువు నష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2016 మేలో తేల్చింది. ఇక్కడ నిజం ఒక్కటే చాలదు. మొదటి మినహాయింపు ప్రకారం అది నిజమై ఉండాలి, దాన్ని బయటపెట్టడం ప్రజాహితానికి అవసరమై ఉండాలి. పొరుగింటివాడి పాత కాపురం గొడవ నిజమే కావచ్చు, ఊరందరికీ చాటాల్సిన పని లేదు. రోడ్డు సంగతికి ఈ ఇబ్బంది లేదు.

ఈ రెండు షరతులూ సోషల్ మీడియా పోస్టు మీద ఎలా పనిచేస్తాయో ప్రియా రమణి కేసులో చూశాం. తనను వేధించిన సంపాదకుడు ఎం.జె. అక్బరేనని ఆమె 2018 అక్టోబరులో ట్వీట్ చేశారు. అప్పటికి ఆయన కేంద్ర మంత్రి. ఆయన ఫిర్యాదుతో ఆమె ముద్దాయి అయ్యారు. రెండేళ్ళకు పైగా విచారణ జరిగాక 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా విడిచిపెట్టింది. దశాబ్దాల కిందటి సంగతికి కాగితం ఏముంటుంది? ఆమె సాక్ష్యాన్ని, అప్పట్లోనే ఆమె ఆ సంగతి చెప్పుకున్న స్నేహితురాలి సాక్ష్యాన్ని కోర్టు నమ్మింది. మహిళ తనకు జరిగినదాన్ని ఏళ్ళ తరవాతైనా తనకు నచ్చిన వేదిక మీద చెప్పుకోవచ్చంది. ఆ తీర్పు మీద అప్పీలును ఢిల్లీ హైకోర్టు విచారణకు తీసుకుంది. ఆమె రాసింది తనకు స్వయంగా జరిగిన సంగతి. మన మాస్టారి నాలుగో వాక్యానికి లేనిది అదే. ముడుపులు ఆయన చూడలేదు.

వ్యాఖ్యకు క్రిమినల్ చట్టంలో మూడో మినహాయింపు ఉంది. ప్రజలకు సంబంధించిన విషయంలో ఎవరి నడత మీదైనా సద్భావంతో అభిప్రాయం చెప్పవచ్చు. అతని గుణం మీద కూడా చెప్పవచ్చు, అయితే ఆ నడతలో కనిపించినంత మేరకే, అంతకు మించి కాదు అంటుంది చట్టం. రోడ్డు నుంచి కాంట్రాక్టరు పనితనం దాకా వెళ్ళవచ్చు, అతని ఇంటి సంగతుల దాకా వెళ్ళకూడదు. సద్భావం అంటే మంచి మనసు అని కాదు, తగిన జాగ్రత్త తీసుకోవడం. రాసే ముందు విచారించావా, ఎవరిని అడిగావు, ఏ కాగితం చూశావు అని మేజిస్ట్రేటు అడుగుతాడు. ఆ విద్యార్థి అనుమానం ఇక్కడ ప్రాణం పోసుకుంటుంది. తరవాత వచ్చిన కోర్ టెస్టు మూడో వాక్యం నిజమని చూపుతుంది గాని, రాసేముందు జాగ్రత్త తీసుకున్నారని చూపదు. టేపుతో కొలిచి ఉంటే చూపేది. ముద్దాయికి ఒక్క ఊరట ఉంది. మినహాయింపును సందేహానికి తావు లేకుండా నిరూపించనక్కర్లేదు, అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని చూపితే చాలునని హర్‌భజన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1965లోనే చెప్పింది.

ఏఈ పేరు పోస్టులో లేదు. వార్డుకు ఏఈ ఒక్కరే కాబట్టి ఎవరో అందరికీ తెలుసు, ఆయనా దావా వేయవచ్చు. అయితే ఆయన ప్రభుత్వోద్యోగి, ఆరోపణ ఆయన విధుల మీద. మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో రాసిన తీర్పు ప్రకారం, విధినిర్వహణకు సంబంధించిన రాతల మీద అధికారులకు నష్టపరిహార దావా సామాన్యంగా దొరకదు. రాసింది అబద్ధమైనా సరే, నిజానిజాలు బొత్తిగా పట్టించుకోకుండా రాశారని అధికారి చూపించగలగాలి. పత్రికల కేసులో వచ్చిన ఈ సూత్రం ఫేస్‌బుక్‌లో రాసే పౌరుడికీ వర్తించాలన్నది నా అభిప్రాయం. కాని టీ కొట్టు మాటలతో సరిపెట్టుకున్న మాస్టారు ఆ కాస్త పరీక్షలోనూ గట్టెక్కుతారన్న నమ్మకం నాకు లేదు.

షేర్ చేసిన వందల మంది మాటేమిటని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. పరువు తీసే పోస్టును తిరిగి పంచుకోవడం కూడా ప్రచురణేనని ఢిల్లీ హైకోర్టు 2024 ఫిబ్రవరిలో ఒక రీట్వీట్ కేసులో చెప్పింది. నేను రాయలేదు, పంపానంతే అన్న మాట పనికిరాదు.

నా జవాబు ఇది. ఒకటి, రెండు, మూడు వాక్యాలు నిజం. ఐదు, ఆరు న్యాయమైన వ్యాఖ్య. నాలుగో వాక్యం నిజమని రుజువు కాలేదు, వ్యాఖ్య కాదు, కాబట్టి దావాలో కాంట్రాక్టరు ఆ ఒక్కదాని మీద గెలుస్తాడు. పది లక్షలు మాత్రం రావు. మందం తగ్గించి పోశాడని రుజువైనవాడి పరువుకు ఆ వాక్యం అదనంగా చేసిన నష్టం ఎంతో అంతే ఇవ్వాలి. క్రిమినల్ కేసులోనూ మాస్టారికి అసలు ప్రమాదం ఆ వాక్యంతోనే. మీ వీధిలో రోడ్డు పగిలితే ఫొటో తీసి పెట్టండి, టేపుతో కొలవండి. ఎస్టిమేటు, ఎం-బుక్ నకళ్ళ కోసం మున్సిపాలిటీలో సమాచార హక్కు దరఖాస్తు ఇవ్వండి. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. కాగితాలు చేతికొచ్చాక ఎంత కోపంగానైనా రాయండి, చూడని నాలుగో వాక్యాన్ని మాత్రం రాయకండి.